జూన్ పద్నాలుగు నాటి ధర

ఆ గురువారం సాయంత్రం మా ఆయన కాశీబుగ్గ నుంచి రెండు కాగితాలు తెచ్చారు. ఒకటి పసుపు ధరల కంప్యూటరు చార్టు. రెండోది నేను సంతకం పెట్టాల్సిన కాగితం. రెండూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. దాన్ని బల్ల మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళుతూ, "సదువుకో జయా. సదివి సంతకం పెట్టు. శనివారం సాయంత్రానికి ఇచ్చేయాల" అన్నారు.

మందస దగ్గర నా పేరున రెండెకరాల తోట ఉంది. కొబ్బరి చెట్లు, వాటి మధ్య జీడి, గట్టు మీద నాలుగు పనసలు. నాన్న రాసిచ్చారు. పైడయ్య చూసుకుంటాడు. నెలకోసారి బస్సులో వచ్చి లెక్క చెప్పి, ఒక కొబ్బరికాయల సంచి గుమ్మంలో దించి వెళతాడు. ఆ తోట పాస్‌బుక్కు ఒక జీడి వ్యాపారి దగ్గర పెట్టి రెండున్నర లక్షలు తెస్తారట. పూర్తి ధర కట్టక్కర్లేదు, పదో వంతు బయానా కడితే చాలట; ఆ డబ్బుతో ఇంకో పది లాట్ల పసుపు కొంటారట. అప్పటికే ఆరు లాట్లు ఉన్నాయి. లాటంటే వంద క్వింటాళ్లు. క్వింటాలు మీద రూపాయి తగ్గితే లాటుకి వంద పోతుంది. పదహారు లాట్లయితే ఒక్క రూపాయికి పదహారు వందలు.

మా ఆయన తారకేశ్వరరావుది జీడిపప్పు కమిషన్ వ్యాపారం. పలాస మిల్లుల్లో పప్పు కొని బరంపురం, కలకత్తా పంపిస్తారు. రెండేళ్ల క్రితం, అంటే 2004లో, ఆయన స్నేహితుడు మనోహర్ అట్టపెట్టెల కొట్టు మీది మేడగదిలో కమోడిటీ ఆఫీసు తెరిచాడు. జీడిపప్పు అక్కడ పెద్దగా నడవదు. పసుపు నడుస్తుంది. మా చుట్టుపక్కల పసుపు పండించేవాడు ఒక్కడూ లేడు. ఎక్కడో నిజామాబాద్ పసుపుకి ఇక్కడ పలాసలో కూర్చుని కొనడం, అమ్మడం.

మొదటిరోజే మా అత్తగారు కాంతమ్మ అడిగారు: "అయితే బస్తాలు ఎక్కడ దించుతావురా?"

"బస్తాలు రావమ్మా. కాగితం మీదే."

"కాగితం మీద పసుపా! మరి పులుసులోకి కూడా కాగితమే ఏద్దునేటి?"

అప్పుడు అందరం నవ్వుకున్నాం.

నాకు ఆ లెక్కలతో సంబంధం ఎలా వచ్చిందంటే, నేను టెక్కలిలో బీఎస్సీ లెక్కలు చదివాను. ఆ రోజుల్లో మనోహర్ దగ్గర చార్టులు గీసే సాఫ్ట్‌వేరు లేదు. మా ఆయన సాయంత్రం వచ్చి ముగింపు ధర చెప్పేవారు. నేను ఒక పొడుగు నోటుబుక్కులో రాసి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో కలిపేదాన్ని. కాగితం అయిపోతే ఇంకోటి అంటించేదాన్ని. రెండేళ్లకి అది మంచం పొడుగైంది. ఇరవై రోజుల సగటు కట్టి దాన్ని ఎర్ర పెన్సిలుతో గీసేదాన్ని. ధర గీత సగటు గీతని దాటి పైకి వస్తే కొనాలి, కిందికి జారితే అమ్మాలి. ఆ సూత్రం మనోహర్ ఎక్కడో నేర్చుకొచ్చాడు.

ఈ వ్యాపారంలో ఒక మెలిక ఉంది. పసుపు ధర అని ఒకటి ఉండదు. నవంబరు పసుపుకి ఒక ధర, డిసెంబరు పసుపుకి ఇంకో ధర. ఒక్కో నెలదీ ఒక్కో కాంట్రాక్టు. ఇరవయ్యో తేదీకి అటూ ఇటూగా ఆ నెల కాంట్రాక్టు తీరిపోతుంది. తరవాతి నెలది అప్పటికే పక్కన నడుస్తూ ఉంటుంది. గోడౌను అద్దె, వడ్డీ కలిసి దాని ధర మామూలుగా కొంచెం ఎక్కువే ఉంటుంది. నేను ఇరవయ్యో తేదీ దాకా పాత నెల ధర రాసి, మర్నాటి నుంచి కొత్త నెల ధర రాసేదాన్ని. చుక్కలు మాత్రం వరసగా కలిపేసేదాన్ని.

అది తప్పని 2006 ఏప్రిల్లో తెలిసింది. ఏప్రిల్ కాంట్రాక్టు 2,010 దగ్గర తీరిపోయింది. మర్నాడు మే నెలది 2,075 అని రాశాను. గ్రాఫు మీద ఒక్క రోజులో 65 రూపాయల గెంతు. 2,040 దగ్గరున్న ఎర్ర గీతని ఒక్క అంగలో దాటేసింది. కొనమన్నట్టే కదా. మా ఆయన రెండు లాట్లు కొన్నారు. రెండు వారాల్లో అది 2,000కి దిగింది. తరవాత పాత పేపర్లు తీసి చూస్తే, ఏప్రిల్ కాంట్రాక్టు తీరిన రోజునే మే పసుపు 2,080 ఉంది. మర్నాడు 2,075. అంటే అయిదు రూపాయలు తగ్గింది. నా గ్రాఫు మీద పెరిగిన ఆ 65 బజారులో ఎవరి జేబులోకీ రాలేదు. అది రెండు వేరువేరు ధరల మధ్య ఉన్న దూరం, అంతే. నేను దాని మీద గీత గీసి కలిపాను.

పదిహేను వేలు పోయాయి. "నీ గ్రాఫు సూసే కొన్నాను" అన్నారు. తిట్టలేదు. ఆ ఒక్క మాటే నాలుగుసార్లు అన్నారు. మే నుంచి నేను నోటుబుక్కులో రెండు వరసలు రాయడం మొదలుపెట్టాను. తీరిపోయే రోజున పాత నెల ధర, పక్కనే కొత్త నెల ధర, రెండింటి తేడా. కానీ జూన్ చివర మనోహర్ ఆఫీసుకి విశాఖ నుంచి సీడీలో సాఫ్ట్‌వేరు వచ్చింది. నా గ్రాఫుల చుట్ట బీరువా పైకి వెళ్లిపోయింది. అలవాటు మానలేక నోటుబుక్కు మాత్రం రాస్తూనే ఉన్నాను. ఆయన ధర చెప్పడం మానేస్తే మనోహర్‌కి ఫోను చేసి అడిగేదాన్ని.

"సదివావా?" కాళ్లు తుడుచుకుంటూ వచ్చారు.

"చదివాను. పది లాట్లు ఎందుకు? ఉన్న ఆరే 2,262కి కొన్నారు. ఇవాళ 2,240 అన్నాడు మనోహర్."

"అందుకే. ఇలాగ రా." చార్టు బల్ల మీద పరిచారు. అడుగున స్కేలు పెట్టి గీసిన నల్ల గీత. "సూడు. ఇక్కడ 2,230. నిరుడు జూన్‌లో ఇక్కడిదాకా దిగి లేచిపోనాది. సాఫ్ట్‌వేరు రెండేళ్లు వెనక్కి సూపిత్తంది. ఒక్కసారంటే ఒక్కసారి దీని కిందికి దిగనేదు. ఇది నేల. ఇవాళ నేలకి పది రూపాయల ఎత్తులో నిలబడ్డాం. ఇంకెక్కడికి పడతాది?"

"ఇంకో పది రూపాయలు పడితే అమ్మేస్తారా?"

"నేల మీద పడినోడు ఇంకా కిందికెలాగ పోతాడు జయా?"

అత్తగారు వీధి గదిలోంచి అందుకున్నారు. "బావిలో పడినోడూ అలగే అనుకుంతాడు."

ఆయన విననట్టు నా చేతికి పెన్ను ఇచ్చారు. ఆ పెన్ను నా చేతిలో ఎంతసేపుందో నాకు తెలియదు. కిటికీలు మూసి ఉన్నాయి. ఎదురు సందులోని మిల్లులో జీడిగింజలు కాల్చినప్పుడు వచ్చే పొగ ఘాటుకి మా ఇంట్లో పగలూ రాత్రీ కిటికీలు తెరవం. ఉక్కపోస్తోంది. "అన్నం తిన్నాక పెడతాను" అన్నాను. తిన్నాక "రేపు పెడతాను" అన్నాను. ఆయన పాస్‌బుక్కు అడిగారు. బియ్యం డబ్బాలో ఉందని చెప్పలేదు. వెతకాలన్నాను.

శుక్రవారం ఆయన మిల్లుకి వెళ్లాక చార్టు మళ్లీ తీశాను. నిరుడు జూన్ అన్న మాట నన్ను గుచ్చుతోంది. నా నోటుబుక్కులో వెతికాను. జూన్ పద్నాలుగు, మంగళవారం, 1,890. పక్కన నా రాతలోనే పెన్సిలుతో ఒక మాట ఉంది: 'ఊరికే ఇచ్చినా ఎవడూ కొనడంటున్నారు'. ఆ రోజు ఆయన అన్న మాటే అది.

1,890. చార్టులో అదే రోజు 2,230.

మొదట నా నోటుబుక్కునే అనుమానించాను. ఏప్రిల్ తరవాత నా లెక్క మీద నాకే నమ్మకం తగ్గింది. పాత పేపర్ల కోసం అలమారా అరల్లో పరిచినవి కూడా లాగి చూశాను. నెయ్యి డబ్బా కింద నిరుడు జూన్ పదిహేను పేపరు దొరికింది. మధ్యలో గుండ్రంగా నెయ్యి మరక. మరక పక్కనే ధరల పట్టిక. ముందురోజు ముగింపు, పసుపు, 1,890.

అప్పుడు బీరువా పైనున్న ఫైలు దించాను. సాఫ్ట్‌వేరు వచ్చిన కొత్తలో, జూలై పన్నెండున మనోహర్ ఇచ్చిన మొట్టమొదటి చార్టు అందులో ఉంది. దాని మీద కూడా మా ఆయన ఆ జూన్ గోతి కింద నల్ల గీత గీసి, పక్కన అంకె వేశారు. 2,140.

ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. నిరుటి జూన్ పద్నాలుగు జూలైలో చూస్తే 2,140. నవంబరులో చూస్తే 2,230. ఎప్పుడో అయిపోయిన రోజు. ఆ రోజు కొన్నవాళ్లు కొన్నారు, అమ్మినవాళ్లు అమ్మారు. నాలుగు నెలల్లో ఆ రోజు ధర తొంభై రూపాయలు ఎలా పెరుగుతుంది?

తొంభై. నోటుబుక్కులో నా రెండు వరసల పేజీలు తిప్పాను. జూలైలో తీరిన రోజు తేడా 25. ఆగస్టులో 20. సెప్టెంబరులో కొత్త నెలదే పది తక్కువ. అక్టోబరులో 30. మొన్న సోమవారం, నవంబరు ఇరవైన, 25. నోటితోనే కూడాను. నలభై అయిదు, పది పోతే ముప్ఫై అయిదు, అరవై అయిదు, తొంభై.

ఇంకోసారి కూడాను. తొంభై.

బట్ట మీద రెండు ముక్కల అంచులు కలవనప్పుడు కొందరు టైలర్లు అతుకు కనపడకూడదని పాత ముక్క మొత్తాన్నీ పైకి లాగి కుట్టేస్తారు. అతుకు దగ్గర పువ్వుకి పువ్వు కలుస్తుంది. కానీ కింది అంచు ఎక్కడుండాలో అక్కడుండదు. ఈ సాఫ్ట్‌వేరు ప్రతి నెలా అదే చేస్తోంది. కొత్త నెల పాత నెల కన్నా పాతిక ఎక్కువుంటే, వెనకనున్న రోజులన్నిటినీ పాతిక పైకి ఎత్తేస్తోంది. ఇవాళ్టి ధర ఒక్కటే అసలు ధర. వెనక్కి వెళ్లేకొద్దీ ఎత్తులు పేరుకుంటాయి. 2004 ఆగస్టులో నేను రాసిన మొదటి ధర 2,050. చార్టులో అది 2,480.

అంటే 2,230 దగ్గర పసుపు కొన్నవాడు ఆ జూన్‌లో ఎక్కడా లేడు. అది నేల కాదు. జూన్ పద్నాలుగున కొని, నెలనెలా పాతది అమ్మి కొత్తది కొంటూ వచ్చినవాడికి ఇవాళ లాభం, నష్టం లేకుండా తేలే అంకె అది. అలాంటివాడికి ఆ చార్టు సరైన లెక్కే చెబుతోంది. బజారులో ధర 1,890 నుంచి 2,240కి మూడు వందల యాభై పెరిగినా వాడికి మిగిలింది పదే. మిగతాదంతా నెల మారినప్పుడల్లా ఎక్కువ పెట్టి కొనడంలో పోయింది. కానీ నిజామాబాద్‌లో బస్తా ముందు నిలబడి కొనేవాడికి ఆ లెక్కతో పనేంటి? వాడికి గుర్తుండేది 1,890.

పడడానికి పది రూపాయలు కాదు, మూడు వందల యాభై రూపాయల జాగా ఉంది.

చీర మార్చుకుని నోటుబుక్కు, రెండు చార్టులు, ఆ పేపరు ముక్క సంచిలో వేసుకున్నాను. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. "ఏటమ్మీ, యెండలో ఎక్కడికి?"

"మనోహర్ ఆఫీసుకి అత్తయ్యా."

"ఆ మేడ మీదికి ఆడోళ్లు ఎల్లరు." అని, నా సంచి చూసి, "గొడుగు అట్టుకెళ్లు" అన్నారు.

మేడ మెట్లు ఇరుకు. పైన గదిలో నాలుగు కుర్చీలు, రెండు తెరలు, నలుగురు మగవాళ్లు. నన్ను చూసి ముగ్గురు లేచి టీకి వెళ్లిపోయారు. నాలుగోవాడు మా ఆయన. మిల్లుకి వెళుతున్నానన్న మనిషి అక్కడే ఉన్నారు.

"ఏటే, ఇక్కడికొచ్చావు?"

"ఒక్క నిమిషం. మనోహరూ, ఈ చార్టులో పాత ధరలు ఎత్తి చూపిస్తున్నావు. ఎందుకు?"

మనోహర్ బెదిరిపోయాడు. "నేనేటి ఎత్తుతానక్కా? కంప్యూటరు సూపిందే ఇచ్చాను."

కాగితాలు పరిచాను. జూలై గీత, నవంబరు గీత, పేపరు ముక్క, నా అయిదు తేడాలు. మనోహర్ చాలాసేపు చూశాడు. తరవాత మౌసు పట్టుకుని ఏవో పెట్టెలు తెరిచాడు. "ఇదిగో. సర్దుబాటు అని టిక్ ఉన్నాది. విశాకపట్నంలో పెట్టిచ్చారు. నేను ముట్టుకోనేదక్కా, నిజంగా." టిక్ తీసేశాడు.

తెర మీది గీత ఒక్కసారి కూలింది. కుడి చివర కదలలేదు. ఎడమ వైపంతా కిందికి దిగింది. జూన్ గొయ్యి 1,890కి జారి, కాగితం మీద మా ఆయన గీసిన నల్ల గీతని 2,230 దగ్గరే గాలిలో వదిలేసింది. నెల నెలకీ ఒక మెట్టు. అది అచ్చం నా మంచం పొడుగు గ్రాఫే.

ఆయన తెరకి దగ్గరగా వంగారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అర్థమైంది. అర్థమైనట్టు నాకు తెలిసింది.

తరవాత వేలు పెట్టి చూపించారు. "మనోహరూ, ఇది సూడు. 1,890 నుంచి 2,240. మెట్టు మెట్టుగా పైకే ఎక్కుతంది కదేటి! ఆ చార్టులో కనపడనేదు గానీ, పసుపు ఏడాదిన్నర బట్టి పెరుగుతానే ఉన్నాది!"

"అదీ..." అన్నాడు మనోహర్.

"సగటు పెట్టు. ఇరవై రోజులది."

పెట్టాడు. సగటు 2,232. ధర 2,240. సోమవారం 2,225 దగ్గర ఆ గీత కిందున్న ధర మంగళవారానికి పైకి వచ్చేసింది.

"సూశావా? కొనమంతంది!" ఆయన నా వైపు తిరిగారు. గొంతులో నిజంగా సంతోషం. "నువ్వొచ్చి మంచి పని సేశావు జయా."

"అది నెల మారడం. ఏప్రిల్లో జరిగిందే. నవంబరు తీరిన రోజు డిసెంబరు పసుపు 2,250. మర్నాడు 2,246, తరవాత 2,241, ఇప్పుడు 2,240. రోజూ తగ్గుతోంది. ఆ పాతిక గెంతు ఉత్తిది. మనోహరూ, ఆ టిక్ మళ్లీ పెట్టి సగటు చూడు."

టిక్ పెట్టాడు. పాత రోజులన్నీ పాతిక పైకి లేచాయి. సగటు 2,253 అయింది. ధర దాని కింద పడింది.

"మరి ఏది నిజమక్కా?" మనోహర్ నిజంగానే అడిగాడు.

"సగటుకి టిక్ పెట్టిన ఇది నయం. పాత ధర ఎంతో తెలియాలంటే టిక్ తీసిన అది నయం. ఒకదాని పని ఇంకోదానితో చేయించకూడదు."

"బావుంది." మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నేలకి ఇది కాదు, అది. పోకడకి అది కాదు, ఇది. మరి నేనెప్పుడు కొనాల? నువ్వు గీసిందీ తప్పే, కంప్యూటరు గీసిందీ తప్పే. పదిహేను వేలు నీ గీత మీదే పోయాయి, మరిసిపోయావేటి?"

నేను సంచిలోంచి ఒక గ్రాఫు కాగితం తీశాను. బయలుదేరే ముందు పాత పేపర్లలోంచి ధరలు ఏరి గీసింది. ఏ అతుకూ లేదు, డిసెంబరు కాంట్రాక్టు ఒక్కటే. అక్టోబరు మొదట్లో 2,330 నుంచి ఇవాళ్టి దాకా, జీడి పిక్కల గుట్ట మీద నుంచి జారిన బండలా, కిందికి. "మీ దగ్గరున్న ఆరు లాట్లూ ఇవే. వేరే ఏవీ కాదు. దీన్ని చూడండి."

ఆయన చూడలేదు. అప్పుడే కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కీచుమంటుంటే, "ఇంటికెల్లు. రేపు సంతకానికి మనిషొత్తాడు" అన్నారు.

శనివారం ఆ జీడి వ్యాపారి మనిషి వచ్చాడు. వీధి గదిలో కూర్చున్నాడు. ఆయన నా వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. బతిమాలారు. ఆయన బతిమాలితే నాకు కోపం కన్నా కష్టంగా ఉంటుంది. పది లాట్లు కొంటే సగటు ధర దిగుతుందన్నారు. ఆరు లాట్ల నష్టం వారంలో తేలిపోతుందన్నారు. తరవాత ఈ వ్యాపారమే మానేస్తానన్నారు. వేలు ఖర్చు పెట్టి మనోహర్‌ని నమ్మినవాడు సొంత పెళ్లాన్ని నమ్మడేటి, కానీ ఇదొక్కసారి తన మాట వినమన్నారు.

"నమ్మితే ఆ ఆరూ అమ్మేయండి" అన్నాను. "సంతకం పెట్టను."

నేను అలా అనగలనని ఆయనకే కాదు, నాకూ తెలియదు. తలుపు తీసి బయటికి వెళ్లారు. వీధి గదిలో మాటలు వినపడ్డాయి. మనిషి వెళ్లిపోయాడు. ఆ రోజు నాతో ఎవరూ మాట్లాడలేదు. రాత్రి అత్తగారు మాత్రం నా పళ్లెంలో ఇంకో గరిటెడు పప్పు వేశారు.

సోమవారం పసుపు 2,230 దాటి 2,205లో ముగిసింది. నల్ల గీత దగ్గర ఎవరూ ఆగలేదు. మంగళవారం పొద్దున్న తెరుచుకున్న గంటకే ఆ రోజు పడగలిగినంతా పడిపోయింది. 2,117. అంతకన్నా కిందికి ఆ రోజు ఒప్పుకోరు. అమ్మేవాళ్లు వరసలో ఉంటారు, కొనేవాడు ఒక్కడూ ఉండడు. ఆయన మూడుసార్లు ఫోను చేశారు. "అమ్మమన్నాను జయా. కొనీవోడు నేడు. అమ్మమన్నాను, మనోహర్‌ని అడుగు." నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆ గొంతు ఏడెనిమిదేళ్ల పిల్లాడి గొంతులా ఉంది. మూసిన గదిలో తలుపు కొడుతున్నట్టు. నాకు తీయడానికి తాళం లేదు.

బుధవారం 2,080కి ఆరూ పోయాయి. లక్షా తొమ్మిది వేలు. జీడిపప్పు వ్యాపారంలో తిప్పే డబ్బు అది. ఆ నెల కలకత్తాకి సరుకు వెళ్లలేదు. పదహారు లాట్లయి ఉంటే ఎంతని నేను లెక్క కట్టలేదు. ఆయన కట్టి ఉంటారు. ఎందుకంటే ఆ రాత్రి భోజనం దగ్గర, పళ్లెం వైపే చూస్తూ, "తోట ఉన్నాది" అన్నారు. అంతే అన్నారు.

నేను గెలిచానని అనుకున్నాను. నాలుగైదు రోజులు అలా అనుకున్నాను.

డిసెంబరు రెండో వారంలో పైడయ్య కొబ్బరికాయలు దించి వెళ్లిన సాయంత్రం, ఆయన బీరువా పైనుంచి నా గ్రాఫుల చుట్ట దించారు. దులిపారు. మంచం మీద పరిచారు. నా స్కేలు, నా పెన్సిలు తీసుకున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. ఎంత శ్రద్ధగా పరిచారంటే, అంటించిన చోట్ల లేచిన అంచుల్ని వేలితో నొక్కి సరిచేశారు.

"ఇవాళ 2,010" అన్నారు. "జయా, నీ నోటుబుక్కు తే."

"ఎందుకు?"

"జూన్ పద్నాలుగు 1,890 కదేటి? నువ్వే అన్నావు, పేపర్లో కూడా ఉన్నాది. ఇది సాఫ్ట్‌వేరు ఎత్తింది కాదు. అసలు ధర. నిజంగా కొన్న ధర." స్కేలు పెట్టి ఆ గోతి కింద గీత గీయడం మొదలుపెట్టారు. మంచం ఈ చివర నుంచి ఆ చివరకి. "ఇది నేల. అప్పుడు నీ మాట విననేదు. ఇప్పుడు నీ మాటే ఇంతన్నాను. ఇంకో నూట ఇరవై దిగనీ. అక్కడ కొందాం. పాస్‌బుక్కు ఎక్కడ పెట్టావు?"

"అది నేల కాదండీ. ఆ ఒక్క రోజు అంతకి అమ్మారు. అంతే చెప్పాను నేను."

"అదే కదా నేలంటే."

అత్తగారు వీధి గదిలోంచి ఏదో అంటారని చూశాను. ఏమీ అనలేదు.

పెన్సిలు గీత నా చుక్కల కింది నుంచి సాగుతోంది. అతుకుల దగ్గర స్కేలు ఎగిరి పడకుండా ఆయన ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లాను. బియ్యం డబ్బా మూత తీసి చేయి లోపల పెట్టాను. మోచేతి దాకా బియ్యం. అడుగున పాస్‌బుక్కు అట్ట వేళ్లకి తగిలింది. బయటికి తీయలేదు. చేయి అక్కడే ఉంచి నిలబడ్డాను.

"జయా," గదిలోంచి పిలిచారు, "ఇవాళ్టి సుక్క పెట్టవేటి?"